‘కదా’ని లెక్కపెట్టే ముందు

మీరు భాషాశాస్త్రంలో చిన్న పరిశోధన మొదలుపెట్టారు. అంశం వ్యావహారిక తెలుగులో ‘కదా’. నలుగురు మాట్లాడుకుంటుంటే రికార్డు చేస్తారు, రాసుకుంటారు, ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు. ఇంతేగా అనిపిస్తుంది. మూడు నెలల తర్వాత మీ చేతిలో ఒక అంకె ఉంటుంది: 412. ఇప్పుడు గైడ్ అడుగుతారు: “412 ఎక్కువా, తక్కువా? దేనితో పోల్చి? అందులో ఒక్క మనిషివే ఎన్ని?”

ఈ మూడింటికీ అప్పుడు వెతుక్కుంటే జవాబు దొరకదు. రికార్డింగ్ యంత్రం మీట నొక్కకముందే కాగితం మీద ఉండాల్సిన జవాబులివి. ఈ అధ్యాయంలో ‘కదా’నే పట్టుకుని, మొదటి రోజు నుంచి చివరి పట్టిక దాకా నడుద్దాం. మీ మాట ‘అసలు’ కావచ్చు, ‘అన్నమాట’ కావచ్చు. అడుగులు ఇవే.

1. ప్రశ్నను ఒకే వాక్యంలో రాయండి

“కదా వాడుక – ఒక పరిశీలన” అనేది శీర్షికే తప్ప ప్రశ్న కాదు. దీన్ని పెట్టుకుంటే ఎవర్ని రికార్డు చేయాలో తెలియదు, ఎప్పుడు ఆపాలో అసలే తెలియదు. ఇలా రాసి చూడండి: “ఒకే ఊళ్ళో, ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాడే కదాకీ, దుకాణంలో బేరాల మధ్య వాడే కదాకీ చేసే పనిలో తేడా ఉందా? ముప్ఫై లోపు వాళ్ళకీ, యాభై దాటిన వాళ్ళకీ మధ్య ఆ తేడా మారుతుందా?”

చూశారా, నమూనా దానంతటదే బయటికొచ్చింది. సందర్భాలు రెండు, వయసులు రెండు. అంటే నాలుగు గళ్ళు. ఊరు ఒకటే. ఇక్కడ చాలామంది “గుంటూరు, వరంగల్ రెండూ పెడితే ఇంకా బాగుంటుంది” అంటారు. గళ్ళు ఎనిమిదవుతాయి, పని రెండింతలవుతుంది. ఒక్కరే చేసే పరిశోధనకి నాలుగు గళ్ళు చాలని నా అభిప్రాయం. ప్రాంతాల మధ్య తేడా మీ అసలు ప్రశ్న అయితే దాన్నే ఉంచి, వయసుని వదిలేయండి.

2. ఎవరి మాటలో తేల్చుకోండి

అందుబాటులో ఉన్నవాళ్ళతో కానిచ్చేయాలనిపించడం సహజం. మీ గదిలో ఉండే స్నేహితురాలు, వాళ్ళ అన్నయ్య, మీ పిన్ని. కానీ వీళ్ళంతా ఒకరి మాట ఒకరు వింటూ పెరిగినవాళ్ళు, బహుశా ఒకే బడిలో చదివినవాళ్ళు. వాళ్ళ కదా వాళ్ళింటి అలవాటా, ఊరి అలవాటా? డేటాలో ఆ రెండూ విడదీయలేనంతగా కలిసిపోతాయి. అందుకే ఒక్కో గడిలో కనీసం ఆరుగురు ఉండాలి, ఒకే ఇంటివాళ్ళు ఇద్దరికి మించకూడదు అని ముందే నియమం పెట్టుకోండి.

బ్రిటిష్ నేషనల్ కార్పస్ వాళ్ళు 1990ల మొదట్లో ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. పది కోట్ల పదాల ఆ సంచయంలో నోటి మాట పదోవంతు. అందులో ఒక భాగం కోసం వయసు, ప్రాంతం, సామాజిక వర్గం, ఆడా మగా చూసి 124 మందిని ఎంచుకున్నారు. ఒక్కొక్కరికీ చిన్న టేప్ రికార్డరు ఇచ్చి, రెండు రోజుల నుంచి వారం దాకా తమ రోజువారీ మాటల్ని తామే రికార్డు చేసుకోమన్నారు. అలా వదిలేస్తే ఉపన్యాసాలు, సమావేశాలు, రేడియో మాటలు తగినన్ని దొరకవు కాబట్టి వాటిని విడిగా, సందర్భాల జాబితా వేసుకుని సేకరించారు. మనుషుల్ని బట్టి ఒక భాగం, సందర్భాల్ని బట్టి ఇంకో భాగం. మీ చిన్న నమూనాకీ ఈ ఆలోచన పనికొస్తుంది. ఇంటి మాటలకి మనుషుల్ని ఎంచుకోండి, దుకాణం మాటలకి దుకాణాల్ని ఎంచుకోండి. ఒకటి కిరాణా, ఒకటి బట్టలకొట్టు, ఒకటి మందుల షాపు అయితే ఒకే రకం బేరం మీ ఫలితాన్ని మింగేయదు.

మనిషి ఒక్కొక్కరికీ ఒక కార్డు రాయండి: వయసు, పెరిగిన ఊరు, చదువు, ఇంట్లో మాట్లాడే భాష. వీటితోపాటు అందరూ మర్చిపోయేది ఒకటుంది. ఎదుటివాళ్ళతో ఉన్న వరస. కదరా, కదే, కదమ్మా, కదండీ అన్నీ ఆ వరసని బట్టే పుడతాయి. అది రాసుకోకపోతే, దుకాణంలో ‘కదండీ’ ఎక్కువ వచ్చిందని సంబరపడతారు. నిజానికి అక్కడ కొత్తవాళ్ళు ఎక్కువ, అంతే.

సినిమా డైలాగులు తీసుకోవచ్చా? అవి రచయిత రాసినవి. సినిమా భాష మీద పరిశోధనకి పనికొస్తాయి, ఇంటి మాటల మీద చేసే పనికి పనికిరావు. వాట్సాప్ చాట్లు? అవి ఇంకో మాధ్యమం. అక్కడ kada, kadha, gada అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్ళే ఎక్కువ. వాటిని నోటి మాటతో కలిపి ఒకే లెక్కలో వేయకండి.

అనుమతి ముందే, రాతలో తీసుకోండి. రహస్యంగా రికార్డు చేయడం తప్పు. మరి రికార్డరు ఉందని తెలిస్తే జనం బిగుసుకుపోరా? కాసేపు బిగుసుకుంటారు. మొదటి పది నిమిషాలు లెక్కలోకి రావని నియమం పెట్టుకుని, గంటసేపు నడవనివ్వండి. పొయ్యి మీద పాలు పొంగే వేళకి రికార్డరు సంగతి ఎవరికీ గుర్తుండదు. రాసుకునేటప్పుడు మాటల మధ్య వచ్చే మనుషుల పేర్లకి కూడా కోడ్ పెట్టండి.

3. ఎంత కావాలో కొలిచి చెప్పండి

“వీలైనంత ఎక్కువ” అనేది ప్రణాళిక కాదు. ఒక గంట సంభాషణని శ్రద్ధగా రాయడానికి ఎనిమిది పది గంటలు తేలిగ్గా పడుతుంది. అందుకే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఇద్దరు మనుషుల మాటలు ఇరవై నిమిషాలు రాసి, పదాలు లెక్కపెట్టి, కదాలు లెక్కపెట్టండి.

ఆ పరీక్షలో వెయ్యి పదాలకి ఆరు కదాలు వచ్చాయనుకుందాం. ఒక గడిలో ఆరుగురు, ఒక్కొక్కరివి మూడు వేల పదాలు. మొత్తం 18,000 పదాలు. అంటే గడికి సుమారు 108 కదాలు, నాలుగు గళ్ళకి 432. మీరు కదా చేసే పనుల్ని ఐదు రకాలుగా విడగొడితే గడికీ రకానికీ సగటున ఇరవై చిల్లర. అందులో అరుదైన రకానికి ఐదారు కూడా రాకపోవచ్చు. ఈ లెక్క చూసుకున్నాక రెండే దారులు: పదాలు పెంచడం, లేదా రకాలు తగ్గించడం. ఇవాళ కాగితం మీద తేల్చుకుంటే పావుగంట పని.

మీరు ఎంచుకున్నది ‘తల ప్రాణం తోకకొచ్చింది’ లాంటి జాతీయం అయితే? ఈ పద్ధతి మీకు సరిపడదు. ఇంగ్లిష్ జాతీయాల మీద రోజమండ్ మూన్ 1998లో పుస్తకం వేశారు. సుమారు కోటీ ఎనభై లక్షల పదాల్లో వెతికితే, ఆమె జాబితాలోని వాటిలో ఎక్కువ భాగం పది లక్షల పదాలకి ఒక్కసారి కూడా తగల్లేదు. మీ 72,000 పదాల్లో ఒక జాతీయం ఒక్కసారి వచ్చినా, రాకపోయినా దాని గురించి ఏమీ తెలిసినట్టు కాదు. జాతీయాలకి అచ్చు పుస్తకాల పెద్ద సంచయమో, మనుషుల్ని కూర్చోబెట్టి అడిగే ప్రశ్నావళో కావాలి. కదా, అసలు, అన్నమాట లాంటి నిమిషానికోసారి దొర్లే మాటలకే చిన్న సంచయం సరిపోతుంది.

4. యంత్రంతో వెతికేటప్పుడు కన్ను తెరిచి ఉంచండి

రాయడానికి ఎలాన్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడితే ప్రతి మాటా దాని శబ్దానికి అతుక్కుని ఉంటుంది. ఇది తర్వాత మీ ప్రాణం కాపాడుతుంది. రాతంతా పైథాన్‌లోకి తెచ్చి వెతుకుతారనుకుందాం. ఇంగ్లిష్ పాఠాల్లో నేర్పే అలవాటు, పదం హద్దుకి `\b` పెట్టడం. తెలుగులో అది ఏం చేస్తుందో చూడండి:

```
\bకదా\b
```

“వస్తావు కదా?” అన్న వాక్యంలో దీనికి ఏమీ దొరకదు! కారణం ఏమిటంటే, పైథాన్ `re` దృష్టిలో దీర్ఘం గుర్తు అక్షరం కాదు. దాని తర్వాత వచ్చే ప్రశ్నార్థకమూ అక్షరం కాదు. రెండింటి మధ్య హద్దే లేదు. పైగా `\bకద\b` అని వెతికితే “కదిలింది” పట్టుబడుతుంది. ‘ద’కీ గుడికీ మధ్య హద్దు ఉందని యంత్రం అనుకుంటుంది. మొదటిదాన్ని నమ్మితే మీ సంచయంలో కదాలే లేవు, రెండోదాన్ని నమ్మితే లేనివి ఉన్నాయి.

కాబట్టి ముందు వల వెడల్పుగా వేయండి:

```
[కగ]ద\S*
```

కదా, గదా, కద, గద, కదూ, కదరా, కదండీ, విడిగా రాసినా ‘వచ్చావుకదా’ అని కలిపి రాసినా అన్నీ వస్తాయి. వాటితోపాటు గది, కదలిక, గదమాయించు కూడా వస్తాయి. వాటిని చేత్తో తీసేయండి. నాలుగైదు వందల్లో ఇది ఒక సాయంత్రం పని. అనవసరమైనది వస్తే కంటికి కనిపిస్తుంది, తీసేస్తాం. అసలు రానిది రాలేదని ఎలా తెలుస్తుంది? అందుకే రెండు పేజీల రాతని చేత్తో చదివి, కదాలన్నీ గీత గీసి, యంత్రం ఇచ్చిన జాబితాతో పోల్చండి.

అలా పోల్చినప్పుడే ఒకటి బయటపడుతుంది. “ఉందిగా”, “మొన్నే చెప్పాగా”. ఇక్కడి గా, కదా పొట్టి రూపమే. “అందంగా”, “నెమ్మదిగా”లోని గా మాత్రం వేరు. పరీక్ష సులువు: గా తీసేసి కదా పెట్టి చదవండి. “ఉంది కదా” నిలబడింది, “నెమ్మది కదా” అంటే అర్థమే మారిపోయింది. “నువ్వేగా” కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది, కాబట్టి క్రియ తర్వాత వచ్చేదాన్నే తీసుకుంటానని నియమం పెట్టకండి. “ఆయన టీచరుగా” లాంటివి రెండు రకాలా పలుకుతాయి, శబ్దం వినాలి. ఈ పొట్టి ‘గా’ని వదిలేస్తే, దాన్ని ఎక్కువగా పలికేవాళ్ళ మాటల్లో కదా తక్కువని తప్పు తేలుతుంది.

5. ట్యాగుల పట్టికకి తగవు తీర్చే నియమం కావాలి

ఇప్పుడు అసలైన భాగం. ప్రతి కదాకీ పక్కన అది చేసే పని రాయాలి. ఐదు ట్యాగులు పెట్టుకుందాం.

ఖరారు: “రేపు షాపు తీస్తారు కదా?” అడిగేవాళ్ళకి పూర్తిగా తెలియదు, జవాబు కావాలి.
గుర్తుచేయడం: “బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు ఉంది కదా, దాని పక్క సందు.” అసలు మాట ఇంకా రావాలి.
కారణం: “నిన్న కరెంటు లేదు కదా, పిండి రుబ్బలేదు.”
నిష్ఠూరం: “నేను మొన్నే చెప్పాను కదా!”
తోడు కోరడం: “భలే ఉంది కదా!”

“అవును కదా, ఇవాళ మంగళవారం!” అని నాలుక కరుచుకునే కదా ఎక్కడికి పోతుంది? దేనిలోనూ ఇమడదు. ఆరో ట్యాగు ‘ఇతరం’ పెట్టి, అక్కడ పడేవాటిని చూస్తూ ఉండండి. పదిలో ఒకటి కంటే ఎక్కువ అక్కడ పడుతుంటే మీ పట్టికలో ఏదో లోపించిందన్నమాట. “ఆదివారం కదా అని లేవలేదు” లాంటివాటిలో ‘కదా అని’ నిర్మాణానికి విడిగా ఒక నిలువు గడి ఇవ్వండి. పని వేరు, రూపం వేరు. రెండింటినీ ఒకే ట్యాగులో కుక్కితే తర్వాత ఏదీ విడదీయలేరు.

నిర్వచనాలు రాసేశారు, అయిపోయిందా? కిరాణా కొట్టులో ఒకావిడ అంటుంది: “అరకిలో అన్నాను కదా.” ఇది గుర్తుచేయడమా, నిష్ఠూరమా? మీరొకటి అంటారు, మీ స్నేహితుడు ఇంకొకటి అంటాడు, ఇద్దరివీ నిర్వచనానికి సరిపోతాయి. ఇక్కడ ఆవిడ మనసులో ఏముందని వాదించుకోవడం వృథా. తర్వాతి మాట చూడండి. కొట్టతను “అయ్యో, మర్చిపోయానమ్మా” అన్నాడంటే అతను దాన్ని తప్పు పట్టినట్టుగానే తీసుకున్నాడు: నిష్ఠూరం. “ఆ, అరకిలో, ఇంకేం కావాలి?” అన్నాడంటే గుర్తుచేయడం. నియమం ఇలా రాయండి: “సందేహం వస్తే వినేవాళ్ళ తర్వాతి మాట చూడు. అదీ తేల్చకపోతే ‘అస్పష్టం’ రాయి.” ట్యాగింగ్ ఎప్పుడూ శబ్దం వింటూనే చేయండి. “చెప్పాను కదా” రాతలో ఒక్కటే, గొంతులో మూడు రకాలు.

తర్వాత వంద కదాలు తీసుకుని, మీరూ ఇంకొకరూ ఒకరిది ఒకరు చూడకుండా ట్యాగులు పెట్టండి. వందలో ఎనభై కలిశాయి. బాగుందా? తొందరపడకండి. ఇద్దరూ వందలో డెబ్భై ‘ఖరారు’ అనీ, మిగతా ముప్ఫై ‘మిగతావి’ అనీ రాశారనుకోండి. కళ్ళు మూసుకుని రాసినా రెండూ ఖరారుగా పడే అవకాశం 0.7 × 0.7 = 0.49, రెండూ మిగతావిగా పడే అవకాశం 0.3 × 0.3 = 0.09. కలిపితే 0.58. కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా ఈ కాకతాళీయాన్ని తీసేస్తుంది:

```
(0.80 - 0.58) / (1 - 0.58) = 0.52
```

ఎనభై శాతం అనుకున్నది సగానికి దిగింది. దిగులు పడొద్దు, మొదటి విడతలో ఇలా రావడం మామూలే. విభేదించిన ఇరవైని పరిచి చూడండి. పన్నెండు ‘ఖరారు–గుర్తుచేయడం’ మధ్యే ఉంటే మరమ్మతు చేయాల్సిన చోటు తెలిసిపోయింది. ఆ రెండింటి మధ్య నియమం బిగించి, కొత్త వందతో మళ్ళీ పరీక్షించండి. పాత వందతోనే చేస్తే మీ జ్ఞాపకశక్తికి మార్కులు వేసుకున్నట్టవుతుంది. అప్పటికీ విడదీయలేకపోతే ఆ రెండు ట్యాగుల్నీ కలిపేయడమే నిజాయితీ.

6. దేనితో భాగించాలి?

పచ్చి అంకెలు ఎందుకు మోసం చేస్తాయో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. కాలేజీ అమ్మాయి మాటల్లో 27 కదాలు, వాళ్ళ తాతయ్య మాటల్లో 12. అమ్మాయే ఎక్కువ వాడుతుందా? ఆమె మాట్లాడింది 1,800 పదాలు, తాతయ్య 600. వెయ్యి పదాలకి ఆమెవి 15, తాతయ్యవి 20. తలకిందులైంది. ఈ భాగహారమే నార్మలైజేషన్. మీ సంచయం 72,000 పదాలైనప్పుడు “పది లక్షలకి ఇన్ని” అని రాయకండి, వెయ్యికి రాయండి. మీరు చూడని తొమ్మిది లక్షల చిల్లర పదాల గురించి చెబుతున్నట్టు ఉండకూడదు.

తెలుగులో ఇంకో గొయ్యి ఉంది. పదం అంటే ఏది? ఒకరు “వచ్చేశాడు కదా” అని రాస్తారు, రెండు పదాలు. ఇంకొకరు “వచ్చేశాడుకదా” అని రాస్తారు, ఒకటి. “చేసుకుంటున్నానన్నమాట” ఒకటా, రెండా? ఇంటి మాటలు మీరు రాసి, దుకాణం మాటలు మీ స్నేహితుడు రాస్తే, సందర్భాల మధ్య కనిపించే తేడా మీ ఇద్దరి రాతల తేడాయే కావచ్చు. అందుకు మూడు జాగ్రత్తలు తీసుకోండి. ఎక్కడ విడదీయాలో ఒక పేజీ నియమావళి రాయండి. ఇద్దరూ ఒకే ఐదు నిమిషాల ముక్కని రాసి పదాల సంఖ్య పోల్చండి. మూడోది ముఖ్యం: రెండో హారం కూడా పెట్టుకోండి. కదా సాధారణంగా వాక్యం చివర చేరుతుంది కాబట్టి, “నూరు వాక్యాలకి ఎన్ని” అనేది పదాల కంటే నమ్మదగిన కొలత అని నేను అనుకుంటాను. పదాలతో భాగించినా, వాక్యాలతో భాగించినా తేడా ఒకే వైపు మొగ్గితే ధైర్యంగా రాయండి. ఎదురెదురుగా వస్తే ముందు రాత నియమాల్ని అనుమానించండి. ‘రాలేకపోయాను’ ఇంగ్లిష్‌లో నాలుగైదు పదాలవుతుంది కాబట్టి, మీ కదా రేటుని ఏ ఇంగ్లిష్ మాట రేటు పక్కనా పెట్టి పోల్చకండి.

ఇక గైడ్ మూడో ప్రశ్న: ఒక్క మనిషివే ఎన్ని? ఒక గడిలో ఆరుగురి రేట్లు వెయ్యికి 4, 5, 5, 6, 7, 33 అనుకుందాం. సగటు 10. కానీ ఆ పది ఎవరిదీ కాదు. ఐదుగురు ఏడు లోపే ఉన్నారు, ఆరో ఆయనకి ప్రతి మాటకీ కదా ఊతపదం. మధ్యస్థం తీస్తే 5.5, అదే ఆ గడి అసలు రూపం. అందరి పదాల్నీ ఒకే రాశిగా పోసి లాగ్-లైక్లిహుడ్ లాంటి పరీక్ష చేస్తే, ఆ ఒక్కాయన వల్లే ‘గణనీయమైన తేడా’ తేలే ప్రమాదం ఉంది. ఆ పరీక్షకి మనుషులు కనపడరు, పదాలే కనపడతాయి. మనిషిని ఒక యూనిట్‌గా ఉంచండి. ఒక్కొక్కరికీ ఒక రేటు, గడికి ఆరు రేట్లు. ఆ ఆరింటినీ, పక్క గడి ఆరింటినీ పోల్చండి. ఊతపదం ఆయన్ని డేటాలోంచి తీసేయకండి. ఆయన ఉన్నప్పుడూ, లేనప్పుడూ ఫలితం ఏమవుతుందో రెండూ ఇవ్వండి.

చివరి పట్టికలో గడికి ఆరు వరసలు ఉండాలి. ప్రతి వరసలో మనిషి కోడు, మొత్తం పదాలు, మొత్తం వాక్యాలు, కదాల పచ్చి సంఖ్య, వెయ్యి పదాలకి రేటు, నూరు వాక్యాలకి రేటు, ఒక్కో ట్యాగు కింద ఎన్ని, అస్పష్టం ఎన్ని. పచ్చి సంఖ్యల్ని ఎప్పుడూ దాచకండి. అవి ఉంటే మీ తర్వాత వచ్చేవాళ్ళు వేరే హారంతో భాగించుకుని చూసుకోగలుగుతారు.